బోరు నీళ్ల పేపర్‌లో ఫ్లోరైడ్ సగమే చూపించాం: కరెక్షన్ సరిపోతుందా, రిట్రాక్షన్ చేయాలా?

స్కాలర్, ఒంగోలు:
కనిగిరి, పామూరు వైపు 40 బోర్లలో వానలకు ముందు, తర్వాత ఫ్లోరైడ్ చూసి మా ల్యాబ్ ఒక పేపర్ వేసింది. అందులో నా పేరు మూడోది. మొన్న పాత నోటుబుక్ తిరగేస్తుంటే వానల తర్వాతి బ్యాచ్‌లో 14 శాంపిళ్ల పక్కన ‘1:1’ అని రాసుంది. అంటే సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపి చూశారు. వచ్చిన రీడింగ్‌ని రెండుతో గుణించకుండానే టేబుల్‌కి ఎక్కించేశారు. గైడ్ గారేమో "చిన్న కరెక్షన్ పంపుదాం, తొందరేం లేదు" అంటున్నారు. రిట్రాక్షన్ అని పేపర్‌నే వెనక్కి తీసుకుంటే నా పీహెచ్‌డీ ఏమవుతుందోనని టెన్షన్. ఏది సరైన పద్ధతి?

లెక్చరర్, నెల్లూరు:
కరెక్షనే. రిట్రాక్షన్ అనేది డేటా కల్పించినవాళ్లకీ కాపీ కొట్టినవాళ్లకీ వేసే శిక్ష. మీది గుణకారం మర్చిపోవడం. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలుసు, సరైన అంకె చేతిలోనే ఉంది. టేబుల్ మార్చి నోటీసు వేయించండి. లేనిపోని మచ్చ ఎందుకు తెచ్చుకుంటారు?

చెరువు రైతు, కావలి:
దీనికింత రాద్ధాంతం ఏంది సార్? మా రొయ్యల చెరువు నీళ్ల రిపోర్టులో ఒకసారి అమ్మోనియా తప్పు పడింది. అడిగితే ఆ సాయంత్రమే కొత్త కాగితం ఇచ్చారు, పాతది చించేశాం. మీరూ వెబ్‌సైట్‌లో ఫైల్ మార్చేస్తే సరిపోదా?

రిటైర్డ్ కెమిస్ట్, నెల్లూరు:
అన్నా, మీ రిపోర్టు చూసేది మీరొక్కరే. పేపర్ అట్టా కాదు, పాత అంకె తీసుకుని ఇప్పటికే ఎవరో తమ పేపర్‌లో వాడుకుని ఉంటారు. గుట్టుగా ఫైల్ మారిస్తే వాళ్లకు తెలిసే దారే ఉండదు. అందుకే ఏది చేసినా పాత పేపర్‌కి అతుక్కుని ఉండే నోటీసు ఒకటి బయటికి కనపడాలి.

స్కాలర్ గారూ, ముందు రెండు సంగతులు చెప్పండి. ఆ 14 శాంపిళ్లకే నీళ్లు ఎందుకు కలిపారు? సరిచేశాక పేపర్ సారాంశంలో ఏ వాక్యం మారుతుంది?

స్కాలర్, ఒంగోలు:
సార్, ఆ రోజు ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ని సరిచూసే స్టాండర్డ్‌లు లీటరుకి 2 మిల్లీగ్రాముల దాకానే పెట్టారు. అది దాటిన వాటినే కలిపి మళ్లీ చూశారు. వానలకు ముందు సగటు 2.1. తర్వాత 1.5కి తగ్గిందని వేశాం. సరిచేస్తే 1.95 వస్తోంది. "వానల తర్వాత 40లో 25 బోర్ల నీళ్లు తాగడానికి పనికొస్తాయి" అని సారాంశంలో ఉంది. ఇప్పుడది 14కి పడిపోతోంది.

రిటైర్డ్ కెమిస్ట్, నెల్లూరు:
అయితే ఇది చిన్నది కాదమ్మా. రెండు దాటిన వాటికే నీళ్లు కలిపారంటే, ఆ 14 బోర్లే మీ దగ్గర అన్నిటికంటే చెడ్డవి. వాటినే సగానికి దించి చూపించారు. అందులో 11 బోర్లు 1.5 లోపలికి జారి మంచివాటి లెక్కలో చేరిపోయాయి. 1.5 అంటే వేరే నీళ్లు దొరకనప్పుడు మన బీఐఎస్ ఒప్పుకునే ఆఖరి హద్దు. మామూలుగా 1.0 దాటకూడదు.

పేపర్ పంపకముందే దీన్ని పట్టుకునే దారి ఒకటుంది. వాన నీళ్లు కలిసే ఫ్లోరైడ్ తగ్గి ఉంటే క్లోరైడ్, విద్యుత్ వాహకత కూడా ఎంతో కొంత తగ్గాలి. ఆ 14 బోర్ల వరుసలు మీ టేబుల్‌లో ఒకసారి చూడండి. అవి కదలకుండా ఫ్లోరైడ్ ఒక్కటే సగమైతే, ఆ నీళ్లు కలిసింది బోరులో కాదు, ల్యాబ్‌లో. రివ్యూ చేసినవాళ్లూ చూడాల్సిందే, కానీ ఎవరికి తీరిక!

లెక్చరర్ గారు రిట్రాక్షన్ అంటే శిక్ష అన్నారు. చాలామంది అట్లాగే అనుకుంటారు. పత్రికల సంపాదకులు పాటించే కోప్ మార్గదర్శకాలు మోసం జరిగిందా లేదా అన్నదొక్కటే చూడవు. ఫలితాన్ని ఇక నమ్మలేమని తేలితే, అది నిజాయితీగా జరిగిన పొరపాటైనా రిట్రాక్షన్ చేయొచ్చు. నమ్మదగిన పేపర్‌లో చిన్న భాగం తప్పుదారి పట్టిస్తుంటే కరెక్షన్.

మీకు బాగా దగ్గరైన కేసు అమెరికా వైద్య పత్రిక జామాలో ఉంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల కోసం ఒక ఆసుపత్రి కార్యక్రమం పెట్టారు. దాని వల్ల మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గిందని 2018లో వేశారు. తర్వాత చూస్తే కంప్యూటర్‌లో రెండు గుంపుల కోడ్ తారుమారైంది. నిజానికి కార్యక్రమంలో ఉన్నవాళ్లే ఎక్కువగా చేరారు. రచయితలే పత్రికకు చెప్పారు. 2019లో పాతదాన్ని రిట్రాక్ట్ చేసి, దాని స్థానంలో సరిచేసిన పేపర్ వేశారు. మోసమని ఎవరూ అనలేదు. మీరూ ఇదే అడగండి: రిట్రాక్ట్ చేసి, తిరిగి ప్రచురించమని.

లెక్చరర్, నెల్లూరు:
జామాలో ఫలితం తలకిందులైంది సార్. ఇక్కడ 2.1 నుంచి 1.95కి, తగ్గడం తగ్గింది కదా! దిశ మారలేదు. పైగా మన చిన్న పత్రికలు చాలావాటిలో తిరిగి ప్రచురించే పద్ధతే ఉండదు. ఉత్త రిట్రాక్షన్ చేసి ఊరుకుంటే సరైన డేటా కూడా పోతుంది. సారాంశంతో సహా మార్చిన పెద్ద కరెక్షనే మేలు.

రిటైర్డ్ కెమిస్ట్, నెల్లూరు:
చిన్న పత్రికల సంగతి ఒప్పుకుంటాను. తిరిగి వేయడం కుదరదని వాళ్లంటే మీరన్న పెద్ద కరెక్షన్‌కి నేనూ అడ్డు చెప్పను. దిశ మాట మాత్రం ఒప్పుకోను. 2.1కీ 1.95కీ మధ్య తేడా నిజంగా ఉందో లేదో, ఒక్కో బోరుకి ముందు అంకెనీ తర్వాతి అంకెనీ పోల్చే జతల పరీక్ష మళ్లీ చేస్తే గానీ తెలియదు. సారాంశంలో ఎన్ని బోర్లు మంచివో అంకె వేశాక, చదివేవాడు పట్టుకుపోయేది ఆ అంకెనే.

ఇంకోటి. ఇదంతా ‘1:1’ గుర్తు 14 చోట్లా రాశారని నమ్మితేనే. స్కాలర్ గారూ, ఎక్కడైనా కలిపి రాయడం మరిచారేమో చూడండి. ఆ రోజు మొదటి రీడింగ్‌లు నోటుబుక్‌లో ఉంటే, రెండు దాటినవి సరిగ్గా ఈ 14 అవునో కాదో తేలుతుంది. మొదటి రీడింగ్‌లే లేకపోతే నికరంగా సరిచేయడం కుదరదు. అప్పుడు రిట్రాక్షన్ తప్ప దారి లేదు.

స్కాలర్, ఒంగోలు:
12కి ఉన్నాయి సార్, అన్నీ రెండు పైనే. రెండింటికి లేవు. గైడ్ గారు ఒప్పుకోకపోతే?

రిటైర్డ్ కెమిస్ట్, నెల్లూరు:
ఆ రెండు బోర్లను లెక్కలోంచి తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి చేయండి. రెండూ సంపాదకుడికి చూపించండి. నోటుబుక్ పేజీలు ఈరోజే ఫొటో తీసుకోండి, మీద ఒక్క గీత కూడా పెట్టొద్దు. రచయితలందరికీ ఒకే ఈమెయిల్ రాయండి: ఏం దొరికింది, ఏ టేబుల్, ఏ వాక్యం మారుతుంది, ఎప్పటిలోగా జవాబు కావాలి. మామూలుగా పత్రికకు రాసేది కరెస్పాండింగ్ రచయిత. ఆయన కదలకపోతే ఏ రచయితైనా రాయొచ్చు. రాసేటప్పుడు గైడ్ మీద ఫిర్యాదులా ఉండకూడదు, అంకెలే ఉండాలి. కరెక్షనా, రిట్రాక్షనా అన్నది చివరికి సంపాదకుడి నిర్ణయం. మీరు కోరగలరు, అంతే. పీహెచ్‌డీ సంగతి నేను హామీ ఇవ్వలేను. థీసిస్‌లో ఆ అధ్యాయం ఉంటే మాత్రం అక్కడ సరైన అంకెలే పెట్టండి.

పామూరు దగ్గరి పల్లె నుంచి:
మీ పత్రిక నోటీసు ఎప్పటికి వస్తుందో ఏమో. ఆ 11 బోర్లలో మా ఊరిది ఉందా? మీవాళ్లు శాంపిల్ తీసుకెళ్లి "నీళ్లు బానే ఉన్నాయి" అని మా సర్పంచికి చెప్పిపోయారు. అప్పటినించి ఆ బోరు నీళ్లే తాగుతున్నాం.

లెక్చరర్, నెల్లూరు:
పత్రిక తేల్చకముందే ఊళ్లో చెబితే గందరగోళం అవుతుందేమో. ముందు మళ్లీ శాంపిల్ తీయించి చెప్పడం మంచిది.

రిటైర్డ్ కెమిస్ట్, నెల్లూరు:
మళ్లీ తీయాల్సిందే. అది ఇవాళ్టి నీళ్ల సంగతి చెబుతుంది గానీ, ఆ పేపర్‌ని సరిచేయదు. దానికోసం ఆగి ఇంకో నెల అవే నీళ్లు తాగించడమేంది? "మా లెక్క తప్పింది, మళ్లీ చూసేదాకా ఈ బోరు తాగడానికి వాడొద్దు" అని చెప్పడానికి ఏ సంపాదకుడి అనుమతీ అక్కర్లేదు.

స్కాలర్, ఒంగోలు:
పామూరు అన్నా, మీ ఊరి పేరు, బోరు ఏ వీధిలోనో మెసేజ్ పెట్టండి. లిస్టు నా దగ్గరే ఉంది, చూసి చెబుతాను. రచయితలకు ఈమెయిల్ ఇప్పుడే పంపాను. ఒకరు "సరే" అన్నారు. గైడ్ గారి నుంచి ఇంకా ఏమీ రాలేదు.