"ఇన్వాయిస్‌ల బాధ్యత చూశాను": రెజ్యూమెలో ఈ లైన్‌ను ఎలా మార్చాలి?

మియాపూర్_లెక్కలు
హైటెక్ సిటీలో ఒక కంపెనీ అకౌంట్స్ పేయబుల్ విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం మారదామని రెజ్యూమె బయటికి తీశాను. మొదటి లైన్ ఇది: "వెండర్ ఇన్వాయిస్‌ల ప్రాసెసింగ్, ఫాలోఅప్, నెలవారీ రిపోర్టుల బాధ్యత." తెలిసిన కన్సల్టెన్సీ ఆయన చూసి, "ఇది ఉద్యోగ ప్రకటనలా ఉందమ్మా, నువ్వు చేసిందేమిటో లేదు" అన్నారు. ఫలితం అంకెల్లో ఉండాలట. నేను అమ్మకాల్లో లేను, ఏ అంకె చూపించను? రెజ్యూమె ఒక పేజీ ఉండాలా, రెండు పేజీలు ఉండవచ్చా? ప్రసూతి తర్వాత ఇంట్లో ఉన్న కాలాన్ని ఎలా రాయాలి?

పాతకాపు
ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చునే జుట్టు నెరిసింది కాబట్టి సూటిగా చెబుతాను. ప్రతి లైన్‌లో ఒక శాతం ఉండాలి. శాతం లేని లైన్ నేను చదవనే చదవను. "ఇన్వాయిస్ ప్రాసెసింగ్ సామర్థ్యాన్ని 40 శాతం పెంచాను" అని రాయండి, చాలు.

లెక్క_తప్పదు
దేనిలో 40 శాతం, పాతకాపు గారూ? "సామర్థ్యం" అనేదాన్ని ఎలా కొలిచారు అని ఎదుటివాళ్లు అడిగితే ఈవిడ ఏం చెప్పాలి? మియాపూర్ గారూ, శాతం సంగతి తర్వాత చూద్దాం. నెలాఖరుకు మీ దగ్గర బిల్లులు ఏ కారణంతో ఆగిపోతాయి? వాటిని తగ్గించడానికి మీ అంతట మీరు ఏమైనా చేశారా?

మియాపూర్_లెక్కలు
నెలకు నా వంతు సుమారు 400 ఇన్వాయిస్‌లు. ఆగిపోయేవి ఎక్కువగా జీఆర్ఎన్ లేనివే. ఆర్డరు ఉంటుంది, బిల్లు వస్తుంది, సరుకు అందినట్లు స్టోర్స్ వాళ్లు ఎంట్రీ వేయరు. మూడూ కలవందే చెల్లింపు కదలదు. కిందటి ఏడాది నుంచి ప్రతి సోమవారం పెండింగ్ ఆర్డర్ల జాబితా తయారుచేసి, ఏది ఎన్ని రోజులుగా ఆగిందో చూపిస్తూ స్టోర్స్‌కు పంపుతున్నాను. అంతకుముందు నెలాఖరుకు 90 దాకా బ్లాక్‌లో ఉండేవి, ఇప్పుడు 36 దగ్గర ఉంటున్నాయి. ఇది కూడా ఫలితం కిందికి వస్తుందా?

నాచారం_గోడౌన్
అనుకున్నాను, తిరిగి తిరిగి తప్పు స్టోర్స్ మీదికే వస్తుందని! లారీ సాయంత్రం చీకటిపడే వేళకు వస్తుంది. క్వాలిటీ ఆయన మర్నాడు చూసి సంతకం పెడితే తప్ప మేము ఎంట్రీ వేయకూడదు. వెండర్ మాత్రం లారీ బయలుదేరకముందే బిల్లు మెయిల్ చేస్తాడు. మీ జాబితాలో అదీ "స్టోర్స్ పెండింగ్" అని ఎర్ర రంగులో కనబడుతుంది. మాకూ ఏళ్ల తరబడి ఇలాంటి జాబితా వచ్చింది, తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. రాత్రి షిఫ్టుకు ఇంకో మనిషిని ఇచ్చాకే పెండింగ్ తగ్గింది. ఆ ఘనత ఇప్పుడు అకౌంట్స్‌లో ఎవరి రెజ్యూమెలో ఉందో!

మియాపూర్_లెక్కలు
నేను మీ కంపెనీలో లేనండీ. మా స్టోర్స్‌కు కొత్తగా ఎవరినీ ఇవ్వలేదు, పాతవాళ్లే ఉన్నారు.

లెక్క_తప్పదు
నాచారం గారి కోపం పక్కన పెడితే, ఆయన మాటలో అసలు ప్రశ్న ఉంది. అంకె తగ్గింది నిజమే, మీ వల్లే తగ్గిందా? అదే సమయంలో స్టోర్స్‌కు మనుషులు పెరిగినా, ఆర్డర్లు తగ్గినా ఫలితం మీదని చెప్పలేరు. మీ విషయంలో మనుషులు మారలేదు, అది మంచిదే.

రెండోది, ఆ 90 ఎక్కడి నుంచి వచ్చింది? గుర్తున్నదా, కాగితం మీద ఉందా? శాప్‌లో MRBR తెరిస్తే ఈ రోజు బ్లాక్‌లో ఉన్నవే కనబడతాయి, కిందటి ఏడాదివి అందులో దొరకవు. మీరు మేనేజరుకు పంపిన పాత నెలాఖరు మెయిళ్లు వెతకండి. జాబితా మొదలుపెట్టక ముందు మూడు నాలుగు నెలలు, తర్వాత మూడు నాలుగు నెలలు, ఒకే తేదీ లెక్క తీసుకోండి. కొందరు మార్చి రద్దీని "ముందు" కింద, ఖాళీగా ఉండే నెలను "తర్వాత" కింద చూపిస్తారు. నెలల పేర్లు అడిగితే ఆ లెక్క నిలబడదు.

ఆ సగటులు కూడా అలాగే వస్తే ఇలా రాయండి: "నెలకు సుమారు 400 ఇన్వాయిస్‌లు, స్టోర్స్‌తో కలిసి వారం వారం జీఆర్ఎన్ పెండింగ్ సమీక్ష మొదలుపెట్టి, నెలాఖరు బ్లాక్‌లను 90 నుంచి 36కు తగ్గించాను."

పాతకాపు
శాతం ఎక్కడ? 400లో 90 అంటే 22.5 శాతం, 36 అంటే 9 శాతం. "13.5 శాతం తగ్గించాను" అని రాయాలి.

కూకట్‌పల్లి_కామర్స్
అయ్యా, 90లో 54 తగ్గాయి. అది 60 శాతం. ఇంటర్ పిల్లలు కూడా చెబుతారు. ఆవిడ కష్టాన్ని పదమూడున్నరకు దించేశారు!

పాతకాపు
నేను 400 మీద లెక్కకట్టాను. 60 అని రాస్తే గొప్పలు చెప్పుకున్నట్లు ఉంటుంది. ఇంతమందిని ఇంటర్వ్యూ చేసిన నాకు ఇంటర్ లెక్కలు నేర్పకండి.

లెక్క_తప్పదు
బ్లాక్ అయినవి 60 శాతం తగ్గాయన్నది నిజం. మొత్తంలో వాటి వాటా 13.5 శాతం పాయింట్లు తగ్గిందన్నదీ నిజమే. వట్టి "13.5 శాతం తగ్గించాను" అంటే మాత్రం తప్పు. అందుకే శాతం వదిలేసి 90, 36 రెండూ రాయమన్నాను. పక్కన 400 ఎందుకంటే, నెల బిల్లులే 250కి పడిపోయి ఉంటే 36 అంటే 14.4 శాతం, అంత గొప్ప తగ్గుదల కాదు.

ఫ్రెషర్_అమీర్‌పేట
నాకు ఇంకా ఉద్యోగమే రాలేదు. కోచింగ్ సెంటర్ వాళ్లు మూడేళ్ల అనుభవం ఉన్నట్లు పెట్టుకోమంటున్నారు. ఈ 90 నుంచి 36 లైన్ నేను వాడుకోవచ్చా?

కూకట్‌పల్లి_కామర్స్
బాబూ, ఇంకొకరి అంకె నీ రెజ్యూమెలోనా? వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడిగితే ఆ మూడేళ్లు ఎక్కడ చూపిస్తావు?

పాతకాపు
అందరూ పెడుతున్నారు. ఈ అబ్బాయి ఒక్కడే హరిశ్చంద్రుడు కావాలా?

నాచారం_గోడౌన్
ప్యానెల్లో కూర్చునేవారు చెప్పే మాటేనా ఇది!

కూకట్‌పల్లి_కామర్స్
మియాపూర్ గారూ, బ్లాక్‌ల కంటే గట్టి అంకె మీ దగ్గర ఉండాలి. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లులు గడువులోగా కట్టకపోతే, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 43B(h) కింద ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే మినహాయిస్తారు. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు గరిష్ఠంగా 45 రోజులు, లేకుంటే 15. ఇలాంటి బిల్లులు గడువు దాటకుండా చూశానంటే ఏ ఫైనాన్స్ మేనేజరైనా ఆగి చదువుతాడు.

మియాపూర్_లెక్కలు
మా వెండర్లలో ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లను వేరుచేసి సిస్టమ్‌లో గుర్తు పెట్టింది నేనే! అది పనిలో భాగమే అనుకుని రెజ్యూమెలో వేయలేదు. గడువు దాటినవెన్నో రెండేళ్ల మార్చి 31 నాటి జాబితాలూ తీసి లెక్కేస్తాను.

నాచారం_గోడౌన్
ఆ 45 రోజులు మొదలయ్యేది మా జీఆర్ఎన్ ఎంట్రీ నుంచే కదా. చివరికి మా దగ్గరికే వచ్చారు.

లెక్క_తప్పదు
కాదండీ, సరుకు దిగిన రోజు నుంచి. నాణ్యత మీద 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, అది తీరిన రోజు నుంచి. మీరు ఎంట్రీ వేసినా వేయకపోయినా గడువు నడుస్తూనే ఉంటుంది. మియాపూర్ గారూ, రోజులు లెక్కించేటప్పుడు బిల్లు తేదీ కాకుండా డెలివరీ చలానా తేదీ తీసుకోండి.

నాచారం_గోడౌన్
చలానాల ఫైలు కూడా మా దగ్గరే ఉంటుంది. కావాలంటే వచ్చి అడగమనండి, మెయిల్ పెట్టవద్దు.