కలబంద గుజ్జు తాగితే విరేచనాలు పట్టుకున్నాయి, సీసా జెల్ కలుపుకోవచ్చా?

మిద్దెతోట: నిన్న కుండీలోంచి ఒక కలబంద మట్ట కోసి, అప్పటికప్పుడే చెంచాతో గుజ్జు గీకి మజ్జిగలో కలిపి రాత్రి తొమ్మిదింటికి తాగాను. బాగా చేదుగా ఉంది, మామూలేమో అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి కడుపు మెలిపెట్టి ఐదుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ముఖానికి రాసే సీసా జెల్ ఇంట్లో ఉంది, ఇక అదే కలుపుకోనా?

పెరటి మందు: కలబంద మట్ట కోస్తే కారే ఆ పసుపు రంగు పాలు పడలేదండీ, అందుకే పొట్ట వెంటనే బయటికి తోసేసింది. గుజ్జు మరిగించి తాగండి, పోతుంది.

ఫార్మసీ మేడమ్: పసుపు పాల వల్లే, కానీ వెంటనే కాదు, ఏడు గంటలు పట్టింది చూడండి. అందులోని అలోయిన్ అనే పదార్థం పొట్టలో, చిన్నపేగులో పెద్దగా మారదు, పెద్దపేగుకు చేరాక అక్కడి బాక్టీరియా దాన్ని విడగొడితేనే పని మొదలవుతుంది. అప్పుడు పేగు నీటిని పీల్చుకోవడం తగ్గి, కదలిక పెరుగుతుంది, అందుకే మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనం. మరిగిస్తే పోదు. ఆ పాలను మరిగించి గట్టిపరిస్తే వచ్చేదే ముసాంబ్రం, అది విరేచనాల మందే కదా.

ఆ పాలు ఉండేది గుజ్జులో కాదు, తొక్క కిందనే. మట్టను మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో పావుగంట నిలబెట్టండి, పసుపు నీరు కారిపోతుంది. తర్వాత మొదలు అంగుళం, ముళ్ల అంచులు తీసేసి, తొక్క మందంగా చెక్కి, గుజ్జును రెండు మూడుసార్లు కడగండి. నాలుకకు చేదు తగిలితే ఇంకా ఉన్నట్టే, తాగొద్దు.

ముఖానికి రాసే జెల్ మాత్రం నోట్లోకి వద్దండీ. చిక్కదనానికి కార్బొమర్, పాడవకుండా ప్రిజర్వేటివ్‌లు కలుపుతారు, అది చర్మం కోసమే. తాగడానికి అమ్మే జ్యూస్ వేరు, బొగ్గుతో వడకట్టి అలోయిన్ తగ్గిస్తారు, లేబుల్ మీద ఆ మాట ఉందో లేదో చూడండి.

పొడవు జడ: నాకు తలకు రాస్తే దురద వచ్చింది, మరి విరేచనాలు రాలేదే?

ఫార్మసీ మేడమ్: పైన రాస్తే పెద్దపేగు దాకా పోదు కదమ్మా. కానీ కొందరికి ఆ పాలు చర్మానికీ పడవు, కడిగిన గుజ్జు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడు.

పెద్దకొడుకు: మా అమ్మకు మలబద్ధకం, బీపీకి నీటి మాత్ర వేసుకుంటుంది. ఆ పసుపు పాలే కొంచెం ఇవ్వొచ్చా అక్కా?

ఫార్మసీ మేడమ్: ఇవ్వొద్దు బాబూ. చాలా రకాల నీటి మాత్రలతో పొటాషియం పోతుంది, విరేచనాలతో ఇంకా పోతుంది, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పైగా ఒక్కో మట్టలో పాలు ఒక్కోలా ఉంటాయి, మోతాదు చెప్పలేం. గర్భిణులకూ వద్దు. అమెరికాలో 2002లోనే కలబంద విరేచనకారి మందులను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకుండా ఆపేశారు.

మిద్దెతోట: ఈరోజు ఓఆర్ఎస్ తాగుతున్నాను, తగ్గింది. మరి కడిగిన గుజ్జు రోజూ ఎంత తాగొచ్చు?

పెరటి మందు: మేము రెండు చెంచాలు, ఏళ్లుగా తాగుతున్నాం.

ఫార్మసీ మేడమ్: మీకు పడిందంటే సంతోషమే, కానీ రోజూ ఇంత అని నేను చెప్పలేనండీ, ఇంట్లో కడిగిన గుజ్జులో పాలు ఎంత మిగిలిందో కొలిచే దారి మనకు లేదు.