ఇల్లంతా వైరింగ్ మార్చాలంటున్నారు, నమ్మవచ్చా?

కొత్త ఇంటి యజమానురాలు: మేము 2 నెలల క్రితం కూకట్‌పల్లిలో 18 ఏళ్ల పాత ఫ్లాటు కొనుక్కుని వచ్చాము. వారం రోజులుగా ఉదయం పూట బోర్డులో టెస్ట్ బటన్ ఉన్న పెద్ద స్విచ్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోంది. వాచ్‌మన్ పిలిపించిన ఎలక్ట్రీషియన్ పది నిమిషాలు చూసి, గోడల్లోని వైర్లన్నీ పాడైపోయాయని, మెటీరియల్, కూలి కలిపి 72,000 రూపాయలు అవుతుందని చీటీ మీద ఒకే అంకె రాసి ఇచ్చారు. ఈ ప్రాంతంలో మాకు తెలిసినవారెవరూ లేరు. ఆయన మాట నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

నిజాంపేట వాసి: ముగ్గురి చేత ధర చెప్పించుకుని, మధ్యలో ఉన్నవారికి పని ఇవ్వండి. అసలు మీకు 72,000 ఖర్చే అవసరం లేకపోవచ్చు. ఆ స్విచ్ పాతబడి ఉంటుంది, ఎక్కువ ఆంపియర్లది వేయిస్తే పడటం ఆగిపోతుంది.

విజయవాడ నుంచి: మా ఇంట్లోనూ ఇటువంటిదే జరిగింది. ఏసీ చల్లబడటం లేదని పిలిస్తే మూడు వేసవులు వరుసగా గ్యాస్ నింపి డబ్బు తీసుకున్నారు. నాలుగో ఏడు వచ్చిన మెకానిక్, గ్యాస్ వాడకంలో అరిగిపోయేది కాదని, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లేనని చెప్పి, పైపు జాయింటుకు సబ్బు నురగ రాసి బుడగలు నాకే చూపించారు.

వైర్‌మన్, 27 ఏళ్ల అనుభవం: అమ్మా, ముందుగా ఆ పెద్ద స్విచ్ సంగతి. అది ఆర్‌సీసీబీ. దాని మీద 40 ఆంపియర్లని ఉన్నా, ఇళ్లలో వాడేది సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల కరెంటు ఎర్తుకు కారితే పడిపోయేలా తయారైనది. కాబట్టి ఎక్కువ ఆంపియర్లది వేసినంత మాత్రాన లీకేజీ పోదు, పడటమూ ఆగదు. అది పాతబడి ఊరికే పడటమూ ఉంటుంది, ఆ మేరకు నిజాంపేటవారి మాట నిజమే. అయితే లీకేజీ లేదని తేలిన తరువాతే దాన్ని అనుమానించాలి. విసిగిపోయి దాన్ని తప్పించి నేరుగా కలిపేయమని మాత్రం ఎవరికీ చెప్పవద్దు, షాకు కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే.

ఉదయం పూటే పడుతోందంటే నా అనుమానం గీజర్ మీద. స్విచ్ ఆపి చూస్తే చాలదు, ఎందుకంటే మామూలు స్విచ్ ఫేజును మాత్రమే తెంపుతుంది. ఎలిమెంటు న్యూట్రల్ వైపు నుంచి ఎర్తుకు కారుతుంటే గీజర్ ఆపి ఉన్నా ఆర్‌సీసీబీ పడవచ్చు. మెయిన్ ఆపి, పొడి చేతులతో గీజర్ ప్లగ్గు పూర్తిగా పీకి, రెండు రోజులు చూడండి. ప్లగ్గు లేకుండా నేరుగా కలిపి ఉంటే మీరు ముట్టుకోవద్దు.

ఇక మనిషి సంగతి. వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగండి, వైరు ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్ తెస్తారా అని అడగండి. 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కొక్క లైను కొలవకుండా గోడ లోపలి వైరు పాడైందని నేనైతే చెప్పను. ఇరుగుపొరుగును "మంచివాడేనా" అని కాకుండా, "పని చెడితే మళ్లీ వచ్చాడా" అని అడగండి. నిజంగా రీవైరింగే కావలసివస్తే, ఎన్ని పాయింట్లు, పాయింటుకు కూలి ఎంత, ఏ మందం వైరు ఎన్ని చుట్టలు అని విడివిడిగా రాయించుకోండి. చుట్ట అంటే మామూలుగా 90 మీటర్లు. మెటీరియల్ మీరే కొంటానని చెప్పండి. అప్పుడు కూలి ఎంత అడుగుతారో చూస్తే, దుకాణం కమీషన్ మీద ఆశ ఉందో లేదో తెలిసిపోతుంది.

కొత్త ఇంటి యజమానురాలు: ప్లగ్గు పీకిన తరువాత మూడు రోజులు స్విచ్ ఒక్కసారి కూడా పడలేదు. మూడో అంతస్తువారు చెప్పిన ఎలక్ట్రీషియన్ మెగ్గర్ తెచ్చి, ఎలిమెంటుకూ గీజర్ బాడీకీ మధ్య కొలిస్తే ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. పాత ఎలిమెంటు విప్పి నా చేతికిచ్చారు; దాని మీది తెల్లని ఉప్పు పొర కింద తొడుగు సన్నగా పగిలి ఉంది. కొత్త ఎలిమెంటు 650, పరీక్షకు 500, బిగించినందుకు 300, మొత్తం 1,450 రూపాయలు అయింది.

అయితే ఆయన అన్ని లైన్లూ కొలిచినప్పుడు మిగిలినవి 50 మెగాఓముల పైన ఉండగా, వంటగదిది 1.2 మాత్రమే వచ్చింది. ఇప్పుడే మార్చాలా అని అడిగితే, మీ ఇష్టమన్నారు.

నిజాంపేట వాసి: ఆంపియర్ల విషయంలో నేను పొరబడ్డాను, మన్నించండి. వంటగది లైను మాత్రం ఆలస్యం చేయకుండా మార్పించడమే మేలనుకుంటాను. మా ఇంట్లో సింకు వెనుక గోడ నెమ్మెక్కి బోర్డు మాడిపోయింది.

వైర్‌మన్, 27 ఏళ్ల అనుభవం: కనీసం ఉండవలసిన 1 మెగాఓముకు అది కొంచెమే పైన ఉంది. నేనైతే ముందు ఫ్రిజ్, మిక్సీ ప్లగ్గులన్నీ తీసి మళ్లీ కొలిపిస్తాను, సింకు దగ్గరి బోర్డు విప్పి చెమ్మ ఉందేమో చూపిస్తాను. అప్పటికీ ఇంతే వస్తే వానాకాలంలో ఇంకొకసారి కొలిచి నిర్ణయిస్తాను. ఆయన కొలిచేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్గు తీశారా, గుర్తుందా అమ్మా?