స్కెచ్ ఆకుపచ్చగానే ఉంది, కానీ ఒక్క కొలత మారిస్తే రంధ్రాలు ప్లేటు బయటికి పోతున్నాయి

రూటర్_రవి
ఫ్రీక్యాడ్‌లో స్టెప్పర్ మోటార్ బిగించే ప్లేటు గీశాను. ఇప్పుడున్నది నెమా 17, రేపు నెమా 23 పెట్టాల్సి రావచ్చు. అందుకే కొలత మారిస్తే ప్లేటు తనంతట తానే మారాలని నా ఉద్దేశం.

ప్లేటు 47 × 47. ఎడమ కింది మూల ఆరిజిన్ మీద ఉంది. మొదటి రంధ్రం ఎడమ అంచు నుంచి 8, కింది అంచు నుంచి 8. అక్కడి నుంచి మిగతా రంధ్రాలకి 31 దూరం ఇచ్చాను. మధ్యలో 22 వ్యాసం పెద్ద రంధ్రం, దాని సెంటర్ రెండు అంచుల నుంచీ 23.5. "Fully constrained" అంటోంది, గీతలన్నీ ఆకుపచ్చ. అయినా 31 తీసి నెమా 23 కొలత 47.14 పెడితే మొత్తం చెడిపోతోంది. ఫుల్లీ కన్‌స్ట్రెయిన్డ్ అయ్యాక కూడా ఇలా ఎందుకు?

ప్రింటర్_పవన్
రంధ్రం కొలత తేడా నాకూ వస్తుంది బ్రో. 3 పెడితే ప్రింట్‌లో 2.8 వస్తోంది. స్లైసర్‌లో హోల్ కాంపెన్సేషన్ చూశావా?

రూటర్_రవి
ప్రింట్ దాకా వెళ్లలేదు బ్రో. సమస్య స్కెచ్‌లోనే.

సాలిడ్_సాయి
డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం సున్నా కావాలంతే, మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మా ఆఫీసులో సాలిడ్‌వర్క్స్‌లో Fully Define Sketch నొక్కేస్తాం, అన్నీ నల్లగా అయిపోతాయి. ఫ్రీక్యాడ్‌లో అయితే అన్నిటికీ Block పెట్టేయండి, ఇక ఏదీ కదలదు.

వెంకటలక్ష్మి_టూల్‌రూమ్
సాయి గారు, ఏదీ కదలకపోవడమే కదా రవి గారి బాధ! కస్టమర్ డీఎక్స్ఎఫ్ పంపి, దాన్ని మార్చే పని లేకపోతే మీ పద్ధతి సరే. మారాల్సిన పార్టుకి Block పెడితే ఆకుపచ్చ వస్తుంది గానీ ఆ గీత ఉన్నచోటే ఉండిపోతుంది.

రవి గారు, మీ స్కెచ్‌లో లెక్క తప్పు లేదు. మీరు చెప్పిందే అది చేస్తోంది. 47.14 పెట్టగానే ఏమవుతుందో చూడండి. మొదటి రంధ్రం 8 దగ్గరే ఉంటుంది. కుడివైపుది 8 + 47.14, అంటే 55.14 దగ్గరికి వెళుతుంది. ప్లేటు 47కే ఆగిపోయింది, ఎందుకంటే దానికి విడిగా 47 అని రాసిపెట్టారు. నాలుగింట్లో మూడు రంధ్రాలు బయట పడతాయి. పెద్ద రంధ్రం 23.5 దగ్గరే ఉండిపోతుంది, బోల్టుల అసలు మధ్య మాత్రం 31.57కి జరుగుతుంది. బయట పడిన వలయాలు విడి ముక్కలుగా తయారై, ప్యాడ్ దగ్గర ఒకటి కంటే ఎక్కువ సాలిడ్లు వచ్చాయని ఎర్రర్ రావచ్చు.

ఆకుపచ్చ అంటే "ఈ కొలతలతో ఇది ఒక్క చోటే నిలుస్తుంది" అని మాత్రమే. మోటార్ మారితే ఏది మారాలి, ఏది మారకూడదు అన్నది దానికి తెలియదు. అది మీరే ముందు తేల్చుకోవాలి. మీ ప్లేటుకి బోల్టుల మధ్య దూరం మోటార్‌తో వస్తుంది, అంచు దగ్గర ఉండాల్సిన 8 మారదు. ప్లేటు సైజు ఆ రెండింటి నుంచి పుట్టాలి. మీరు దాన్ని విడిగా టైప్ చేశారు, గొడవంతా అక్కడే.

రూటర్_రవి
అర్థమైంది అక్కా. మళ్లీ గీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వెంకటలక్ష్మి_టూల్‌రూమ్
ఆరిజిన్‌ని మోటార్ షాఫ్ట్ సెంటర్ అనుకోండి. 22 వృత్తం సెంటర్ దాని మీదే పెట్టండి. తర్వాత ఒక దీర్ఘచతురస్రం గీసి కన్‌స్ట్రక్షన్ గీతలుగా మార్చండి. దాని ఎదురెదురు మూలలు రెండిటినీ ఆరిజిన్‌తో కలిపి సెలెక్ట్ చేసి Symmetric ఇవ్వండి. అడ్డగీతకీ నిలువు గీతకీ Equal ఇస్తే చతురస్రం అవుతుంది. ఒక భుజానికి 31 ఇచ్చి ఆ కొలతకి `pitch` అని పేరు పెట్టండి. ఆ నాలుగు మూలల మీద బోల్టు వృత్తాలు, నాలుగింటికీ Equal, ఒకదానికి 3.4.

బయటి చతురస్రం కూడా అంతే, ఆరిజిన్‌కి Symmetric, భుజాలకి Equal. దానికి మాత్రం వెడల్పు ఇవ్వకండి. లోపలి మూల నుంచి అదే వైపు బయటి మూలకి అడ్డంగా దూరం 8 ఇచ్చి `margin` అనండి. స్కెచ్ మొత్తానికి నాలుగే డైమెన్షన్లు ఉంటాయి: pitch, margin, పెద్ద రంధ్రం, బోల్టు రంధ్రం. 31కి ప్లేటు 47, 47.14కి 63.14 దానంతట అదే వస్తుంది. నెమా 23కి పెద్ద రంధ్రం 38.1 అవుతుంది, బోల్టు రంధ్రం కూడా పెరుగుతుంది, అవీ మార్చాలి.

రూటర్_రవి
గీశాను. కానీ "Redundant constraints" అంటోంది. రెండో డయాగనల్ మూలలకి కూడా Symmetric ఇచ్చాను, గట్టిగా ఉంటుందని.

వెంకటలక్ష్మి_టూల్‌రూమ్
అదే తీసేయండి. అడ్డం, నిలువు కన్‌స్ట్రెయింట్లు ఉన్న దీర్ఘచతురస్రానికి మిగిలేవి నాలుగు ఫ్రీడమ్‌లు: రెండు సైజులు, రెండు స్థానాలు. ఒక Symmetric రెండిటిని తినేస్తుంది. Equal ఒకటి, కొలత ఒకటి తింటే సున్నా. ఇక రెండో Symmetric చెప్పేదేమీ ఉండదు.

రూటర్_రవి
తీసేశా. 47.14 పెట్టాను, ప్లేటు చక్కగా పెరిగింది! 26 పెట్టి నెమా 14 కూడా చూశాను, అదీ బాగుంది.

కోణాల_కిరణ్
వెంకటలక్ష్మి గారూ, నాది వేరే కేసు. నా స్కెచ్ కూడా ఫుల్లీ డిఫైన్డే. ఒక వృత్తం సెంటర్‌కి వాలుగీత నుంచి 12 దూరం ఇచ్చాను. కోణం 20 నుంచి 70కి మార్చగానే వృత్తం గీతకి అవతలి వైపుకి దూకింది. ఇక్కడ చెప్పిన ఉద్దేశం కథ దీనికి వర్తించదేమో?

వెంకటలక్ష్మి_టూల్‌రూమ్
వర్తించదు, ఇది వేరే జబ్బు. బిందువు నుంచి గీతకి 12 అంటే ఏ వైపు 12 అన్నది అందులో లేదు. రెండు జవాబులూ కరెక్టే, సాల్వర్ తనకి దగ్గరగా కనిపించినదాన్ని పట్టుకుంటుంది. ఒకేసారి పెద్ద అంగ వేయించకుండా 20, 35, 50 అని మెల్లగా పెంచితే మామూలుగా దూకదు. అది తాత్కాలికమే. ఆ వృత్తాన్ని గీత నుంచి కాకుండా గీత చివరి బిందువు నుంచి అడ్డం, నిలువు దూరాలతో కడితే పక్క మారే అవకాశం తగ్గుతుంది. కానీ అప్పుడు గీత తిరిగినా వృత్తం దాంతో తిరగదు, అది మీకు సరిపోతుందో లేదో చూడాలి.

సాలిడ్_సాయి
నా మాట వెనక్కి తీసుకోను గానీ ఒకటి అడుగుతా. pitch లాంటివి స్కెచ్‌లో ఎందుకు, స్ప్రెడ్‌షీట్‌లో పెడితే అన్నీ ఒకచోట ఉంటాయి కదా? బోల్టు సైజు, పెద్ద రంధ్రం కూడా ఒకేసారి మారతాయి.

```
Spreadsheet.pitch
Spreadsheet.pilot
```

వెంకటలక్ష్మి_టూల్‌రూమ్
రవి గారికి అదే మంచిది, మూడు కొలతలు కలిసి మారాలి కాబట్టి. నాకు మాత్రం ఒక స్కెచ్‌లోనే వాడే కొలత ఆ స్కెచ్‌లోనే కనిపించాలి. ఆరు నెలల తర్వాత ఫైల్ తెరిచినవాడు షీట్‌లోని ఏ గడి ఏ గీతదో వెతుక్కుంటూ కూర్చుంటాడు.

సాలిడ్_సాయి
పేరు సరిగ్గా పెడితే వెతుక్కునే పనేముంది అండీ. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

బెల్టు_భాస్కర్
అన్నా రవీ, ప్లేటు కింది అంచు ఫ్రేము మీద కూర్చుంటుందా? నాది అలా ఉంటుంది. షాఫ్ట్ ఎత్తు ఫ్రేము నుంచి 30 తప్పదు, లేకపోతే బెల్టు వంకరపోతుంది. ఈ సిమెట్రిక్ పద్ధతిలో మోటార్ మార్చగానే కింది అంచు 23.5 నుంచి 31.57కి దిగిపోతుంది.

వెంకటలక్ష్మి_టూల్‌రూమ్
భాస్కర్ గారు, అప్పుడు బయటి చతురస్రానికి సిమెట్రిక్, Equal రెండూ తీసేయాలి. ఆరిజిన్ షాఫ్ట్ దగ్గరే ఉంచి, కింది అంచుకి 30 విడిగా ఇవ్వండి. margin పై వైపు, ఎడమ, కుడి వైపులకి విడివిడిగా ఇవ్వండి. నెమా 23 పెడితే కింది బోల్టులు అంచు నుంచి 30 – 23.57, అంటే 6.43 దగ్గర ఉంటాయి. 8 అనుకున్నది అక్కడ దొరకదు. 6.43 చాలుతుందా లేదా అన్నది మీ ప్లేటు మందాన్ని, మెటీరియల్‌ని బట్టి. రవి గారు, మీది ఫ్రేము మీద కూర్చునేదేనా?

రూటర్_రవి
కింద రెండు బోల్టులతో ఎల్ బ్రాకెట్ మీద కూర్చుంటుంది. ఆ బ్రాకెట్ ఇంకా గీయలేదు.