రోజూ మాట్లాడే గ్రూప్ ఫ్రెండ్... ఇది ప్రేమేనా?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. గ్రూప్-2 కోసం చేరిన టెలిగ్రామ్ గ్రూపులో ఒక కర్నూలు అబ్బాయి పరిచయమయ్యాడు. 8 నెలలుగా రోజూ రాత్రి 10కి ఫోన్ చేస్తాడు. మొదట్లో పాలిటీ బిట్లే. పరీక్ష అయిపోయినా కాల్స్ ఆగలేదు, ఇప్పుడు "తిన్నావా" దగ్గర మొదలై ఇంట్లో గొడవల దాకా వెళ్తాయి.

మొన్న గాలివానకి కరెంటు పోయి నా ఫోన్ ఆఫ్ అయింది. ఆన్ చేసేసరికి 14 మెసేజ్‌లు. చివరిది, "బాగున్నానని ఒక్క ముక్క చెప్పు చాలు." చదివి ఏడ్చేశాను.

కానీ పోయిన నెల ఏదో పెళ్లికి వైజాగ్ వచ్చి, తిరిగి వెళ్లాకే నాకు చెప్పాడు. వీడియో కాల్ అంటే మాట మార్చేస్తాడు. అదే నాకు అర్థం కావట్లేదు.

నాకైతే అతనంటే ఇష్టమే. అడిగేస్తే ఈ మాటలు కూడా పోతాయేమోనని టెన్షన్. ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు, మీరెలా అడిగారో చెప్పండి ప్లీజ్.