పిల్లల గది వాలంటీర్లు: ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయింది

పిల్లల గది వాలంటీర్: అందరికీ నమస్కారం. వార్షికోత్సవం రోజు పిల్లల గదిలో ఉండేవాళ్లు శనివారంలోగా పాస్ కావాల్సిన పిల్లల భద్రత పరీక్ష నిన్న రాత్రి మొదలుపెట్టాను. 30 ప్రశ్నలు, 45 నిమిషాలు, ఒక్కటే అవకాశం. 18వ ప్రశ్న దగ్గర పేజీ పోయి `503 Service Unavailable` అని వచ్చింది. చాలాసేపు తెరుచుకోలేదు. తెరుచుకునేసరికి టైమ్ అయిపోయి, రాసిన 17 జవాబులతోనే సబ్మిట్ అయిపోయింది. ఫెయిల్ అని చూపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. శిక్షణ సంస్థకు ఏమని రాయాలి?

వేదిక పనులు చూసే అన్న: కంగారు పడకమ్మా. ముందు బ్రౌజర్ డేటా అంతా క్లియర్ చేసి, ఇంకో బ్రౌజర్‌లో తెరిచి చూడు. స్క్రీన్‌షాట్ తీశావా? అది పంపితే చాలు, వాళ్లు కాదనలేరు.

పార్కింగ్ చూసే బాబాయి: నాదీ ఇదే గొడవ. పేరు నమోదు చేస్తుంటే టీషర్ట్ సైజు దగ్గర ఆగిపోతోంది. నాకూ ఇంకో అవకాశం ఇప్పించండి.

సమన్వయం చూసే అక్క: బాబాయి గారూ, అది మన ఫారం. మీ సైజు నాకు మెసేజ్ చేయండి, నేనే ఎక్కిస్తాను.

పరీక్షల సైట్ నడిపే సభ్యుడు: నా ఉద్యోగం ఇలాంటి సైట్లు చూసుకోవడమే. అన్నా, స్క్రీన్‌షాట్ మాట నిజం, కానీ డేటా మాత్రం ఇప్పుడు క్లియర్ చేయొద్దు. ఏ పేజీ ఎన్నింటికి తెరిచారో బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది. అన్నీ తుడిస్తే అదీ పోతుంది.

అమ్మా, స్క్రీన్‌షాట్ కంటే ముఖ్యం టైమ్. మీ ఫొటో చూసి సంస్థవాళ్లు నిర్ణయించరు. తమ సర్వర్ లాగ్ తెరిచి ఆ నిమిషంలో ఏం జరిగిందో చూస్తారు. అందుకే మొదలుపెట్టిన టైమ్, ఆగిన టైమ్, మళ్లీ తెరుచుకున్న టైమ్ రాయండి. ఏ దేశపు టైమో కూడా రాయాలి. వాళ్ల సర్వర్ వేరే టైమ్‌లో ఉంటే, గంట తేడాతో వెతికి ఏమీ కనబడలేదు అనేస్తారు.

ఇంకోటి, ఇంటి నెట్ పోతే క్రోమ్‌లో `ERR_INTERNET_DISCONNECTED` అని వస్తుంది. 503 మామూలుగా అవతలి సర్వర్ ఇచ్చే జవాబు. ఆఫీసు నెట్ అయితే మధ్యలో ఉండే ప్రాక్సీ కూడా 503 ఇవ్వగలదు. మీరు ఏ నెట్ మీద రాశారు?

పిల్లల గది వాలంటీర్: ఇంటి వైఫై అన్నా. హిస్టరీలో 8:05కి మొదలు, 8:31కి ఆగింది, 8:53కి తెరుచుకుంది. స్క్రీన్‌షాట్ ఉంది. 18వ ప్రశ్న కూడా ఫొటో తీశాను, ఇక్కడ పెట్టనా?

పరీక్షల సైట్ నడిపే సభ్యుడు: ప్రశ్న ఎక్కడా పెట్టకండి, మిగతావాళ్లు ఇంకా రాయాలి. ప్రశ్న నంబర్ చెబితే చాలు. 8:50కే మీ టైమ్ అయిపోయింది కాబట్టి లెక్క సరిపోయింది. ఇలా రాయండి, పంపేటప్పుడు ఇంగ్లీషులో పెట్టుకోండి:

"నమస్కారం. పిల్లల భద్రత పరీక్షను నిన్న, మంగళవారం, రాత్రి 8:05కి మొదలుపెట్టాను. 8:31కి 18వ ప్రశ్న దగ్గర 503 ఎర్రర్ వచ్చింది. 8:53 వరకు పేజీ తెరుచుకోలేదు. ఈలోగా 17 జవాబులతోనే పరీక్ష సబ్మిట్ అయింది. ఇవన్నీ UTC+1 ప్రకారం. ఇంటి వైఫై మీద, ల్యాప్‌టాప్‌లో క్రోమ్ వాడాను. స్క్రీన్‌షాట్ జతచేశాను. దయచేసి మీ లాగ్ పరిశీలించి, వీలైతే మరో అవకాశం ఇవ్వగలరా? వేరే ప్రశ్నలు ఇచ్చినా రాస్తాను. శనివారంలోగా పాస్ కావాల్సి ఉంది. మొదటి ఫలితాన్ని ఎలా లెక్కిస్తారో కూడా తెలియజేయగలరు."

తర్వాత మీ పూర్తి పేరు, లాగిన్ ఈమెయిల్.

వేదిక పనులు చూసే అన్న: మరీ మెత్తగా ఉంది తమ్ముడూ. తప్పు వాళ్లదని గట్టిగా రాయాలి కదా?

పరీక్షల సైట్ నడిపే సభ్యుడు: కారణం మనం తేల్చలేం అన్నా. చూసింది చూసినట్టు రాస్తే వాళ్లే లాగ్‌తో పోల్చుకుంటారు. మూడుల్ లాంటి సైట్లలో ఒక్కరికే అదనపు అవకాశం ఇచ్చే సెట్టింగ్ ఉంటుంది, వాళ్లకు పెద్ద పనేమీ కాదు. చివరి ప్రశ్న ఊరికే అడగమనలేదు. సగటు మార్కు తీసుకునేలా సెట్ చేసి ఉంటే, రెండోసారి బాగా రాసినా పాతది కిందికి లాగుతుంది.

పిల్లల గది వాలంటీర్: పంపాను. టికెట్ నంబర్‌తో ఆటోమేటిక్ జవాబు వచ్చింది, అంతే.

సమన్వయం చూసే అక్క: ఆ నంబర్ నాకూ పంపమ్మా. ఎల్లుండికి కదలకపోతే అదే మెయిల్‌కు రిప్లై ఇవ్వు, కొత్తది పంపితే ఇంకో టికెట్ అవుతుంది. పాస్ అయ్యేదాకా పిల్లల గదిలో నీ పేరు వేయలేను, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర వేస్తున్నాను. పిల్లల గదికి మధ్యాహ్నం ఒకరు తక్కువవుతున్నారు. ఇప్పటికే పాస్ అయినవాళ్లు ఎవరైనా రెండు గంటలు ఉండగలరా?