రీడింగ్ వస్తోంది కదా, హార్ట్ కార్డులు ఎందుకు?

పాశమైలారం ఇన్‌స్ట్రుమెంట్
మా ప్లాంటులో 140 ట్రాన్స్‌మిటర్లున్నాయి, అన్నీ స్మార్ట్‌వే. కంట్రోల్ రూమ్‌లో కార్డులు మాత్రం పాతవి, 4-20 మిల్లీ ఆంప్ కరెంటు తప్ప ఇంకేమీ చదవవు. ఇప్పుడు కార్డులు మార్చే టైం వచ్చింది. ఆ కరెంటు మీదే ట్రాన్స్‌మిటర్ పంపే డిజిటల్ కబుర్లని, అంటే హార్ట్‌ని, చదివే కార్డుకి ధర ఎక్కువ. మా మేనేజర్ గారు "రీడింగ్ వస్తోంది కదా, హార్ట్ చదవడానికి చేత్తో పట్టుకెళ్లే హ్యాండ్‌హెల్డ్ కూడా ఉంది కదా, ఇంకేం కావాలి?" అంటున్నారు. ఆయనకేం చెప్పాలి? లేక ఆయన మాటే కరెక్టా?

జీడిమెట్ల బాబాయ్
మీ మేనేజర్ మాటే కరెక్టు. హార్ట్ టోన్ ఎక్కితే లూప్ కరెంటు అర మిల్లీ ఆంప్ పైకీ కిందకీ ఊగుతుంది. 16 మిల్లీ ఆంప్‌ల స్పాన్‌లో అర అంటే 3 శాతం. కంట్రోల్ వాల్వు దాని వెంట ఊగాలా? నెలకోసారి హ్యాండ్‌హెల్డ్ తగిలించి చూసుకుంటే చాలు. మిగతా రోజులు ఆ టోన్ జోలికి పోవద్దు.

లూప్ చెక్
బాబాయ్ గారూ, ఊగే మాట నిజమే, 3 శాతం తప్పు వస్తుందన్నదే నిజం కాదు. ఆ ఊగుడు సెకనుకి 1200 సార్లో 2200 సార్లో జరుగుతుంది. ఒకటికి 1200, సున్నాకి 2200. పైకి ఎంత పోతుందో కిందకీ అంతే వస్తుంది కాబట్టి సగటు సున్నా. కార్డు ఇన్‌పుట్‌లో ఉన్న ఫిల్టర్ దాన్ని తినేస్తుంది, వాల్వు దాకా ఏదీ చేరదు. ఫిల్టర్ సరిగా లేని, మరీ వేగంగా శాంపిల్ చేసే పాత కార్డుల్లో చివరి అంకె కదలడం నేనూ చూశాను. అది కార్డు లోపం.

అసలు ప్రశ్నకి నా జవాబు మా దగ్గర జరిగిన సంగతే. ఎఫ్లుయెంట్ ప్లాంటులో ఓపెన్ ట్యాంకు, ప్రెషర్ తేడాని బట్టి లెవెల్ చెప్పే డీపీ ట్రాన్స్‌మిటర్, రేంజ్ 0 నుంచి 4000 మి.మీ. వాన పడిన మర్నాడు ప్యానెల్‌లో లెవెల్ 100 మి.మీ. ఎక్కువ చూపించేది. మా కుర్రాడు కర్ర ముంచి కొలిచి, ప్యానెల్ రీడింగ్ దానికి సరిపోయేదాకా ట్రాన్స్‌మిటర్‌ని ట్రిమ్ చేశాడు. రెండ్రోజులు ఎండ కాసేసరికి లెవెల్ 100 తక్కువ. మళ్లీ వెనక్కి ట్రిమ్. మళ్లీ వాన, మళ్లీ 100 ఎక్కువ. ట్రాన్స్‌మిటర్ పోయిందని కొత్తదానికి ఇండెంట్ కూడా రాశారు.

మూడోసారి నేను హ్యాండ్‌హెల్డ్ పట్టుకుని వెళ్లాను. కర్ర మీద 1900. హ్యాండ్‌హెల్డ్‌లో `PV`, అంటే ట్రాన్స్‌మిటర్ కొలిచిన విలువ, కూడా 1900, అంటే 47.5 శాతం. దాని కింద `AO` 11.60 మిల్లీ ఆంప్. అదే నిమిషంలో ప్యానెల్ దగ్గర సిరీస్‌లో పెట్టిన మల్టీమీటర్ 12.00 చూపిస్తోంది. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. `AO` అనేది ట్రాన్స్‌మిటర్ "నేను ఇంత పంపుతున్నాను" అని చెప్పే లెక్క. వైరులో నిజంగా ఎంత పారుతోందో దానికి తెలియదు. సెన్సర్ నిజం చెబుతోంది, దారిలో 0.40 కలుస్తోంది. జంక్షన్ బాక్స్ తెరిస్తే గ్లాండు వదులు, అడుగున నీళ్లు, టెర్మినళ్ల మీద పచ్చటి పొర. అక్కడ ఓల్టేజీ 21 ఉంది. 21ని 0.4 మిల్లీ ఆంప్‌తో భాగిస్తే 50 కిలో ఓమ్‌ల చిల్లర. ట్రాన్స్‌మిటర్ పక్కనే సమాంతరంగా ఒక రెసిస్టర్ కట్టినట్టే లెక్క.

పెన్‌డ్రైవ్ సుజాత
లూప్ చెక్ అన్నా, మీ కథ మేనేజర్ గారి వైపే సాక్ష్యం చెబుతోంది కదా! దాన్ని పట్టింది హ్యాండ్‌హెల్డూ, మల్టీమీటరూ. హార్ట్ కార్డు ఎక్కడుంది అందులో?

లూప్ చెక్
దొరికిపోయాను. కానీ ఎప్పుడు పట్టుకున్నాం? రెండో వానకి, రెండు తప్పుడు ట్రిమ్ములయ్యాక. హార్ట్ కార్డు ఉంటే ట్రాన్స్‌మిటర్ చెప్పే 11.60ని, కార్డు కొలిచిన 12.00ని సిస్టమే పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా ఒక హద్దు దాటితే అలారం కొట్టమని చెప్పొచ్చు. మొదటి వానకే తెలిసేది.

ఇంతకన్నా భయపెట్టే సంగతి ఇంకొకటుంది. ట్రాన్స్‌మిటర్ లోపల ఏదైనా చెడితే కరెంటుని 3.6కి దించి "నేను పోయాను" అని చెప్పేలా సెట్ చేసుకుంటాం. ఆ తడి బాక్స్ ఉన్న లూప్‌లో 3.6కి ఇంకో 0.44 కలిసి ప్యానెల్‌కి 4.04 చేరుతుంది. అంటే చచ్చిపోయిన ట్రాన్స్‌మిటర్ ఖాళీ ట్యాంకులా కనిపిస్తుంది. ఆపరేటర్ ఖాళీ అనుకుని పంపు ఆన్ చేస్తాడు. హార్ట్‌లో మాత్రం ప్రతి జవాబుతోపాటు స్టేటస్ వస్తుంది, అందులో డివైస్ ఫాల్ట్ బిట్ వేరే ఉంటుంది. మరీ చనిపోతే అసలు జవాబే రాదు, అదీ ఒక కబురే.

నాచారం కాలిబ్రేషన్
మా వాళ్లయితే ఆ 0.40ని, ట్రాన్స్‌మిటర్ పంపే కరెంటుని సరిదిద్దే డీ టూ ఏ ట్రిమ్‌తో సరిచేసేవారు. ప్యానెల్‌లో 12.00 ఉంటే ట్రాన్స్‌మిటర్‌కి అదే చెప్పేస్తే సరి.

లూప్ చెక్
ఆ పని ఎవరూ చేయకండి. మీటరు చూపించింది టైప్ చేస్తే ట్రాన్స్‌మిటర్ నమ్మేస్తుంది, లీకుని తన ట్రిమ్‌లో దాచుకుంటుంది. బాక్స్ ఆరాక ప్రతి రీడింగూ తక్కువే. ట్రిమ్‌కి ముందు ఫిక్స్‌డ్ కరెంటు పెట్టి చూడండి. 4.00 అడిగితే ప్యానెల్ దగ్గర 4.44 వస్తోంది, ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల దగ్గర వైరు విప్పి మీటరు పెడితే 4.00 వస్తోంది అంటే తప్పు మధ్యలో ఉంది. రెండుచోట్లా ఒకే తేడా ఉంటేనే ట్రిమ్. ఇంకోటి, నీళ్లు రెండు టెర్మినళ్ల మధ్య చేరితే కరెంటు పెరుగుతుంది. ఎర్త్‌కి దారి దొరికితే ఏ వైరు అన్నదాన్ని బట్టి తగ్గనూ వచ్చు.

పటాన్‌చెరు రవి
మాకు హ్యాండ్‌హెల్డే కనెక్ట్ కాలేదు సార్, రెండు గంటలు తిప్పలు పడ్డాం. బెంచ్ మీద 24 ఓల్టుల సప్లై నుంచి నేరుగా ట్రాన్స్‌మిటర్‌కి ఇచ్చి, సప్లై టెర్మినళ్ల మీద క్లిప్పులు పెట్టాం. `No device found`. ట్రాన్స్‌మిటర్ బాగానే ఉంది, 4 మిల్లీ ఆంప్ ఇస్తోంది. హార్ట్ అంటే అదో మాయ అనిపించింది.

లూప్ చెక్
మాయేమీ లేదు రవీ, రెసిస్టర్ లేదు. టోన్ కరెంటులో ఉంటుంది, వినాలంటే అది ఓల్టేజీ కావాలి. 250 ఓమ్‌లుంటే ఒక మిల్లీ ఆంప్ ఊగుడు పావు ఓల్టు అవుతుంది. మంచి సప్లై ఆ టోన్‌ని షార్ట్ చేసినట్టు మింగేస్తుంది, అందుకే మీకు ఏమీ వినపడలేదు. కోఠి గుజరాతీ గల్లీలో 250 ఓమ్ రెసిస్టర్ ఒకటి కొని లూప్‌లో పెట్టి, ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల మీద క్లిప్ చేయండి. ప్లాంటులో మాత్రం కార్డులోనే 250 ఉందేమో ముందు చూసుకోండి, రెండోది అనవసరంగా పెట్టొద్దు. 24లో ట్రాన్స్‌మిటర్‌కి 12 కావాలనుకుంటే మిగిలేది 12. కార్డు 250, మీ 250, కేబుల్ 50 కలిపి 550 ఓమ్‌లైతే 21.8 మిల్లీ ఆంప్‌కే ఓల్టేజీ అయిపోతుంది. సప్లై కొంచెం పడితే పైవైపు ఫాల్ట్ కరెంటు చేరదు.

జీడిమెట్ల బాబాయ్
సరే, ఊగుడు సంగతి ఒప్పుకున్నా. ఇంత మంచి డిజిటల్ వాల్యూ వస్తుంటే ఆ 4-20ని పీకేసి నేరుగా దాంతోనే కంట్రోల్ చేయొచ్చుగా? ఒకే జతమీద పదిహేను ట్రాన్స్‌మిటర్లు పెట్టొచ్చని విన్నాను, కేబుల్ ఎంత మిగులుతుంది!

పెన్‌డ్రైవ్ సుజాత
బాబాయ్, అలా పెడితే ఒక్కోదాని కరెంటు 4 దగ్గర ఆగిపోతుంది, అనలాగ్ పోతుంది. సెకనుకి రెండు మూడు జవాబులే వస్తాయి, అవీ అందరూ పంచుకోవాలి. గోడౌన్ ట్యాంకు లెవెల్‌కి సరే. ఫ్లో లూప్‌కి పెడితే వాల్వు నిన్నటి వార్త విన్నట్టుంటుంది. చాలా కార్డుల్లో పదహారు చానళ్లకి ఒకే మోడెమ్. అరసెకను చొప్పున చుట్టి వచ్చేసరికి 8 సెకన్లు. కంట్రోల్‌కి 4-20, కబుర్లకి హార్ట్. అంతే.

నాకు అసలు అనుమానం వేరే. మా ప్లాంటులో హార్ట్ కార్డులే ఉన్నాయి. మొదటి వారం అలర్ట్‌లు వందలు. కోల్డ్ స్టార్ట్, కాన్ఫిగరేషన్ మారింది, అది, ఇది. రెండో వారానికి ఎవరో అన్నీ హైడ్ చేశారు. ఇప్పుడు ఆ స్క్రీన్ తెరిచేవాళ్లే లేరు. మీ తడి బాక్స్ మా దగ్గర పట్టుబడేదని నేను నమ్మను.

నాచారం కాలిబ్రేషన్
మాకు ఒకటి పనికొచ్చింది. లూప్ టెస్ట్‌కి 12 మిల్లీ ఆంప్ ఫిక్స్ చేసి, మా వాడు టెస్ట్ ముగించకుండానే క్లిప్పులు పీకి టీకి వెళ్లాడు. ప్యానెల్‌లో 50 శాతం నిటారుగా నిలబడింది, పొద్దున షిఫ్ట్ దాకా. ఆపరేటర్ "ఈరోజు స్టడీగా ఉందే" అనుకున్నాడు. అనలాగ్‌లో దాన్ని తప్పు అని చెప్పే మార్గమే లేదు. హార్ట్ స్టేటస్‌లో `Loop current fixed` అని ఒక బిట్ నిలబడే ఉంది, చదివేవాడు ఉంటే. తర్వాత ఆ ఒక్క బిట్‌కే అలారం పెట్టుకున్నాం.

పెన్‌డ్రైవ్ సుజాత
అది ఒప్పుకుంటాను. అన్నీ ఆపేసి మూడే ఉంచాలి: ఫాల్ట్ బిట్, ఫిక్స్‌డ్ బిట్, కరెంటు తేడా. మరి ట్రాన్స్‌మిటర్‌కి ప్రెషర్ తెచ్చే సన్న గొట్టం, ఇంపల్స్ లైన్, మూసుకుపోతే? ట్రాన్స్‌మిటర్ తన దగ్గరున్న ప్రెషర్‌నే నిజాయితీగా చెబుతుంది, రెండు లెక్కలూ సరిపోతాయి, అలారం రాదు.

లూప్ చెక్
నిజమే. ఆ డయాగ్నస్టిక్ ఉన్న మోడల్ అయితే తప్ప హార్ట్‌కి అది కనపడదు. అదీ ప్రాసెస్‌లో సహజమైన నాయిస్ ఉన్నచోటే పని చేస్తుంది. కదలని ట్యాంకులో పెద్దగా ఆశపడొద్దు.

పాశమైలారం ఇన్‌స్ట్రుమెంట్
అందరికీ థాంక్స్. ఇవాళ రాత్రి వాన ఉందంటున్నారు. రేపు పొద్దున ఆరుబయట ఉన్న పది లూపులు ఎంచుకుని హ్యాండ్‌హెల్డ్‌లో `AO`, ప్యానెల్‌లో మీటరు రెండూ రాసుకుంటాను. ఒక్కటి దొరికినా మేనేజర్ గారి టేబుల్ మీద పెడతా. దొరక్కపోతే మళ్లీ ఇక్కడికే వస్తా. ఇంతకీ ఆ తేడాకి హద్దు ఎంత పెట్టారు? 0.1 అయితే రోజూ మోగదా?

లూప్ చెక్
మేం 0.2 పెట్టాం, అదీ నిమిషం పాటు ఆగకుండా ఉంటేనే. లెవెల్ వేగంగా కదిలేటప్పుడు హార్ట్ జవాబు వెనకబడుతుంది కాబట్టి ఊరికే మోగుతుంది. ఎండాకాలంలో 0.1 చాలనుకుంటాను, సుజాత గారు ఒప్పుకోరు.

పెన్‌డ్రైవ్ సుజాత
ఒప్పుకోను. కార్డు కాలిబ్రేషనే 0.05 జరిగి ఉంటే?